పేరు దాస్తే చాలదు

సంపాదకులకు,

జవాబు పత్రాల మీద పేరు బదులు కోడ్ నంబరు వేస్తే మూల్యాంకనంలో అక్రమాలకు తావుండదని ఇటీవల ఈ శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. చాలా ఏళ్లు పదో తరగతి పేపర్లు దిద్దిన తెలుగు ఉపాధ్యాయుడిగా నాకు అంత ధీమా లేదు. ఈ దారిలో మనకంటే చాలా ముందు నడిచిన చైనా సామ్రాజ్యం అనుభవం చూడండి.

అక్కడ ప్రభుత్వాధికారులను పరీక్షలు పెట్టి ఎంపిక చేసేవారు. 992లో రాజప్రాసాదంలో జరిగే తుది పరీక్షలో అభ్యర్థుల పేర్లు కనిపించకుండా కాగితం అతికించారు. అయితే దస్తూరీ పట్టిస్తుంది కదా! అందుకని 1015లో పత్రాలను తిరగరాసే విభాగమే పెట్టారు. తర్వాతి కాలాల్లో పద్ధతి ఇలా స్థిరపడింది: అభ్యర్థి నల్ల సిరాతో రాసేవాడు, గుమాస్తాలు దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎర్ర సిరాతో నకలు తీసేవారు. మరికొందరు రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూసేవారు. పరీక్షకుల చేతికి వెళ్లేది ఎర్ర ప్రతి ఒక్కటే. ఫలితం తేలాక నంబరును బట్టి నల్ల ప్రతిని వెతికి, అప్పుడు పేరు విప్పేవారు. వేల మంది రాసే పరీక్షలో ఇదంతా చేతిరాతతోనే! సాధారణంగా మూడేళ్లకోసారి జరిగేది కాబట్టి సరిపోయింది.

ఇంత కట్టుదిట్టాన్నీ 1858లో బీజింగ్‌లో ఒక చీటీ దాటేసింది. లువో హోంగ్‌యీ అనే అభ్యర్థి, తన ఊరివాడైన ఒక అధికారి ద్వారా పు ఆన్ అనే పరీక్షకుడికి దాన్ని చేర్చాడు. తన మొదటి వ్యాసం ఏ మాటతో ముగుస్తుందో, రెండోది, మూడోది ఎలా ముగుస్తాయో, పద్యం చివర ఏ మాట ఉంటుందో అందులో రాసి ఉంది. వ్యాసాల చివర ఉన్నవి మన ‘కదా’, ‘అంతే మరి’ లాంటి ముక్తాయింపు మాటలే. గుమాస్తా ఎంత నిజాయితీగా నకలు తీస్తే గుర్తు అంత పదిలం! పు ఆన్ సిఫారసు చేసిన ఆ పేపరును ముఖ్య పరీక్షకుడు బో జున్ మొదట పక్కన పెట్టాడు. తన నౌకరు బతిమాలితే మెత్తబడి, మరొకరి పేపరు తీసి దీన్ని ఎంపికలో చేర్చాడు. ఆయన మహామంత్రి స్థాయి అధికారి. విచారణ జరిపి, 1859లో ఆయన తల తీయించారు.

నా ముందుకూ చివరి పేజీలో కరెన్సీ నోటు పెట్టిన పేపర్లు, మూడుసార్లు ఒకే పద్యపాదం రాసిన పేపరు వచ్చాయి. నోటు ఎవరికైనా కనిపిస్తుంది. పద్యపాదం సంకేతమో, పిల్లవాడి భయమో కోడ్ నంబరు చెప్పదు. అందుకే ఒక పేపరును ఒకరికొకరు తెలియని ఇద్దరితో విడివిడిగా దిద్దించాలి, మార్కుల్లో పెద్ద తేడా వస్తే మూడో వ్యక్తికి పంపాలి. ఎవరు ఎప్పుడు మార్కు మార్చారో నమోదు కావాలి. బో జున్ పేపరు మార్చిన గదిలో ఇవేవీ లేవు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు