కార్డు నిండితే సరిపోతుందా?

సంపాదకులకు,

మా జిల్లాలో గర్భిణుల రక్త పరీక్షలు నూటికి నూరు శాతం పూర్తయ్యాయని మీ పత్రికలో గత వారం చదివాను. నిజమే కావచ్చు. మా చిన్నమ్మాయి కార్డులోనూ అన్ని గళ్లూ నిండే ఉన్నాయి: హిమోగ్లోబిన్ 10.2, బ్లడ్ గ్రూపు బి నెగెటివ్. ఆ నెగెటివ్ ఏమిటో తొమ్మిది నెలల్లో ఒక్కరూ చెప్పలేదు. జాతకంలో నక్షత్రం రాసినట్టు రాసి ఊరుకున్నారు.

తల్లి నెగెటివ్ అయితే మొదట అడగాల్సింది భర్త గ్రూపు. మా అల్లుడిది ఓ పాజిటివ్. అడిగిన నాథుడు లేడు. భర్తది పాజిటివ్ అయితే తల్లికి ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష చేయాలి. బిడ్డ పాజిటివ్ రక్తం మీద తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టాయేమో దాంట్లో తెలుస్తుంది. అవి పుట్టకపోతే, ఇకమీదట పుట్టకుండా 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్, కాన్పయ్యాక బిడ్డ పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు మరొకటి ఇవ్వాలి. యాంటీబాడీలు ఒకసారి పుట్టాయా, ఇక ఆ ఇంజెక్షన్ పనిచేయదు. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. ముప్పు తర్వాతి కడుపుకి: ఆ బిడ్డ రక్తకణాలు విరిగిపోతాయి, కామెర్లు ముదురుతాయి, ఒక్కోసారి కడుపులోనే ప్రాణం పోతుంది. అబార్షన్ అయినా ఈ ఇంజెక్షన్ అవసరమేనట. అదెవరు చెప్తున్నారు?

మా అమ్మాయి సోమవారం రాత్రి పదకొండింటికి ప్రసవించింది. బొడ్డుతాడు రక్తంతో బిడ్డ గ్రూపు చూడలేదు. బుధవారం సాయంత్రం డిశ్చార్జి కాగితాలు రాస్తూ ఓ పెద్ద నర్సమ్మ కార్డు చూసి, "ఇదేంటమ్మా, నెగెటివ్ కదా, సూది వేశారా?" అంది. అప్పుడు చూస్తే బిడ్డ బి పాజిటివ్. ఆస్పత్రిలో మందు లేదు. మా అల్లుడు మూడు షాపులు తిరిగి, గురువారం మధ్యాహ్నానికి ఐసు డబ్బాలో పెట్టుకొచ్చాడు. గడువుకి తొమ్మిది గంటలు మిగిలాయి. ఆవిడ కళ్లు ఆ గడి మీద పడకపోతే?

షుగరు పరీక్షదీ ఇదే తంతు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు తీయాల్సిన రక్తం గంటకే తీశారు, ల్యాబు కుర్రాడి భోజనం వేళయిందని! 140 హద్దు రెండు గంటల రక్తానికి కదా, గంటకే తీసిన అంకెను దేనితో పోల్చాలి? ట్యాబులో మాత్రం ఆకుపచ్చ టిక్కు పడింది. పైవాళ్ల వీడియో కాన్ఫరెన్సుకి కావలసింది అదేగా. మా రోజుల్లో ఈ మిషన్లు లేవు గానీ, మంత్రసానమ్మ కనురెప్ప తిప్పి చూసి రక్తం లేదంటే, మర్నాడు మళ్లీ వచ్చి అడిగేది.

అధికారులకు నాదొకటే ప్రశ్న. ఈ జిల్లాలో నెగెటివ్ గ్రూపు గర్భిణులు ఎందరు, వారిలో యాంటీ-డి పడింది ఎందరికి? ఆ రెండు అంకెలు మీ పత్రికలో వేయించండి. నూరు శాతం సంగతి అప్పుడు చూద్దాం.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా