పండగకు పనికిరాని చౌక టికెట్

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్దామని ఓ విమాన సంస్థ ఆఫర్‌లో 1,699 రూపాయల చొప్పున నాలుగు టికెట్లు కొన్నాను. పండగ ముందు రోజులకు ఆ ధర దొరకలేదు. ఆఫర్ వర్తించని తేదీల జాబితా ప్రకటనలో లేదు, షరతుల పేజీలో అడుగున ఉంది. సరే, జనవరి 8కి తీసుకుని తర్వాత 12కి మార్చుకుందాం అనుకున్నాను. నా తెలివి అక్కడే బెడిసికొట్టింది.

తేదీ మార్చబోతే మార్పు రుసుంతో పాటు ఆ రోజు ధరకూ, నేను కట్టినదానికీ ఉన్న తేడా కూడా కట్టమన్నారు. మనిషికి 7,150. అంటే చౌక ధర తేదీకే గానీ టికెట్‌కు కాదన్నమాట! నలుగురికీ 28,600 కట్టలేక రద్దు చేసుకున్నాను.

పెట్టిన 6,796లో పైసా రాదనే అనుకున్నాను. కానీ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం రద్దు రుసుం మూల ధర, ఇంధన సర్‌ఛార్జి కలిపిన మొత్తాన్ని మించకూడదు. పన్నులు, విమానాశ్రయ యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వంటివి ఆఫర్ టికెట్లకైనా వెనక్కి ఇవ్వాల్సిందే. ఆ మాట రాసి పంపాక 2,444 రూపాయలు తిరిగొచ్చాయి.

డబ్బు కట్టే ముందు ‘ఫేర్ రూల్స్’ నొక్కి ప్రయాణ కాలం, మినహాయించిన తేదీలు, మార్పు రుసుం చూడండి. ఆ మినహాయింపు తేదీలను ధర పక్కనే, అదే సైజు అక్షరాల్లో వేయించే బాధ్యత డీజీసీఏ తీసుకోవాలి.

– ఒక ప్రయాణికుడు, హైదరాబాద్