మేస్త్రి మామకు కృతజ్ఞతలు, 26 వాయిల వడల లెక్కతో సహా

వినాయక చవితికి మన బైరాగిపట్టెడ పందిట్లో వడలు బాగున్నాయని నన్ను మెచ్చుకున్న వాళ్ళందరికీ ఒక మాట చెప్పాలి. ఆ మెప్పు నాది కాదు, పక్క వీధి మేస్త్రి మామది. ఆయన చిత్తూరు వైపు పెళ్ళిళ్ళకు వంట చేసి చేసి మానుకున్న మనిషి. ఆ పొద్దు కాణిపాకం పోదామని తలస్నానం చేసి బయల్దేరినాయన మా పొయ్యి దగ్గర ఆగిపోయినాడు.

600 ఉద్ది వడలు, 9 గంటలకు హారతి. 10 కిలోల పప్పు ముందు రోజే రుబ్బించి పిండి ఫ్రిజ్‌లో పెట్టినాను. షామియానా అంగట్లో పెద్ద బాండలి అద్దెకు తెచ్చి, 8 లీటర్ల చెనిక్కాయ నూనె పోసి 5 గంటలకు మొదలుపెట్టినాను. బాండలి పెద్దది కదా అని వాయికి 40 వేసినాను. వేసిన వెంటనే నూనె చప్పుడు పడిపోయింది. చాలాసేపు వడలు తెల్లగానే తేలతా ఉన్నాయి. రెండో వాయి దించి ఒక వడను వేళ్ళతో నొక్కితే నూనె మోచేతి దాకా కారింది. అప్పుడు వినబడింది వెనక నుంచి:

"ఏం నాయనా, వడలు వేయిస్తా ఉండావా, ఉడకబెడతా ఉండావా?"

నేను మంట చాల్లేదనుకున్నాను. మామ మంట జోలికి పోకుండా ముందు పిండి గిన్నెలో చెయ్యి పెట్టినాడు. చల్లగా ఉంది. చల్లటి పిండి 40 ముద్దలు ఒక్కసారి పడితే నూనె వేడంతా ఆ పిండిలోని నీళ్ళను మరిగించడానికే పోతుంది. పైన పొర గట్టిపడక ముందే వడ మెత్తబడి నూనె పీలుస్తుంది. పిండిని మూడు గిన్నెలకు పంచి బయట పెట్టించినాడు. ఉప్పు మాత్రం వేసే ముందు ఏ గిన్నెకు ఆ గిన్నెలోనే కలపమన్నాడు. ముందే కలిపితే పిండి జారుడవుతుందట.

తర్వాత లెక్క చెప్పినాడు. 40 వేస్తే వేగడానికి 10 నిమిషాలు, నూనె మళ్ళీ కాగడానికి 4. 15 వాయిలకు 210 నిమిషాలు. 20 వేస్తే వేగడానికి 5, కాగడానికి 1. 30 వాయిలకు 180. తక్కువ వేస్తేనే తొందరగా అవుతుందన్న మాట. నేను డిగ్రీ చదివినాను, ఈ లెక్క నాకు తట్టలేదు.

నూనె చూసేదానికి ఆయనకు థర్మామీటర్ అక్కర్లేదు. చిటికెడు పిండి వేస్తాడు. అడుక్కు పోయి రెండు మూడు క్షణాల్లో తేలితే సరి. అడుగునే కూర్చుంటే ఆగాలి, పడీ పడగానే పైకొచ్చి ఎర్రబడితే మంట తగ్గించాలి. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం మంట తిప్పే వేళ. మొదటి వడ జారేటప్పుడే మంట పెంచుతాడు, నూనె చల్లారినాక కాదు. చప్పుడు సన్నబడి బుడగలు పలచబడగానే తగ్గిస్తాడు. అప్పటికి వడలో నుంచి వచ్చే ఆవిరి బాగా తగ్గిపోతుంది, ఇంక వడ లాక్కునే వేడి తక్కువ. మంట అట్లాగే వదిలేస్తే తర్వాతి వాయి పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

20 వడలు వేసేదానికే నిమిషం పడుతుంది కాబట్టి బాండలి అంచున ఒకచోట మొదలుపెట్టి వరసగా చుట్టూ వేసినాడు. తిప్పేదీ తీసేదీ అదే వరసలో. మా పాప ఫోన్‌లో టైమర్ పెట్టుకుని 6 నిమిషాలకొకసారి "తాతా, వాయి!" అని అరిచేది. ఐదు వాయిలకొకసారి అడుగున నల్లబడిన పిండి నలకలు జల్లిగరిటెతో తీసి, అర లీటరు కొత్త నూనె పోసి, రెండు నిమిషాలు ఆగేవాడు. వాయి మధ్యలో ఒక్క చుక్క పోయనివ్వలేదు.

తీసిన వడలను నేను గుండిగలో కుప్ప పోస్తుంటే చేతిమీద కొట్టినాడు. వడ నూనె ఎక్కువగా పీల్చేది బయటికి తీసినాకేనంట. లోపలి ఆవిరి చల్లారేకొద్దీ పైనున్న నూనెను లోపలికి లాగుతుంది. అందుకని జల్లిగరిటెలో బాండలి మీదే బాగా విదిలించి, వెదురు తట్టలో అంచుల మీద నిలబెట్టించినాడు. కుప్ప పోస్తే ఆవిరికి కింద వడలు మెత్తబడతాయి కూడా.

మిగిలిన 520 వడలు 26 వాయిల్లో 8:30కి అయిపోయినాయి. మొదటి 80 పందిరి కట్టిన పిల్లోళ్ళు తినేసినారు, పాపం ఎవరూ ఏమీ అనలేదు.

మామా, మీ కాణిపాకం ప్రయాణం పాడు చేసినందుకు మన్నించండి. వచ్చే ఆదివారం బండిలో నేనే తీసుకుపోతాను. పిండి తట్టిన ఎదురింటి అక్కకూ, దాదాపు మూడు గంటలు కూర్చోకుండా టైమర్ చూసిన పాపకూ కూడా చాలా థాంక్స్. మామ ఇంటికి 20 వడలు పంపితే ఒక్కటి తిని, మూడో గిన్నెలో ఉప్పు కొంచెం తగ్గిందని చెప్పి పంపినాడు.