ల్యాబ్ చెల్లెకు ఇచ్చే కృతజ్ఞతా పత్రం గురించి

అందరికీ నమస్తే. మన నీళ్ల పరీక్షల ప్రాజెక్టును నిలబెట్టిన ల్యాబ్ చెల్లెకు శనివారం నల్గొండ ఆఫీసులో కృతజ్ఞతా పత్రం ఇస్తున్నాం. "బాగా కష్టపడ్డావు, చాలా థ్యాంక్స్" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది. తను ఏం గమనించింది, ఏం చేసింది, దానివల్ల ఏ నష్టం తప్పింది అన్నది అందులో కనబడాలి. నేను రాసింది ఇది:

"చెల్లె, మర్రిగూడ వైపు ఊళ్ల నుంచి వచ్చిన, పటికతో శుద్ధి చేసిన నీళ్లలో ఫ్లోరైడ్ బాగా తక్కువ చూపించింది. రిపోర్టు పంపడమే మిగిలింది. నువ్వు మాత్రం ఆ అంకెలను నమ్మలేదు. నీళ్లలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుంటే మీటరుకు అది అందదని చెప్పి, ఆ పట్టు విడిపించే బఫర్ కలిపి ప్రతి సీసా మళ్లీ చూశావు. కొన్ని సీసాల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. నువ్వు ఆపకపోతే ఆ నీళ్లు తాగొచ్చని ఊళ్లకు చెప్పేవాళ్లం."

"ఒంటిచేత్తో కాపాడావు" అని కావాలనే రాయలేదు. సీసాలు మోసుకొచ్చిన డ్రైవరన్న, సర్పంచులతో మాట్లాడినవాళ్లు కూడా ఉన్నారు కదా. రాత్రి ఎంతసేపు కూర్చుందో కూడా వద్దు, తన అనుమానమే అసలు విషయం.

మళ్లీ శాంపిళ్లు తెప్పించినప్పుడు తనతో ఉన్నవాళ్లు, కళ్లారా చూసింది ఒక్క వాక్యంలో గురువారం సాయంత్రంలోపు పంపండి. తను సరే అంటే ఒక కాపీ పై ఆఫీసరుకు కూడా ఇద్దాం.