మా అడ్వాన్సు గొడవ

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో సగంలో ఆపేశాను కదా, మిగతాది ఇదిగో. 2025 మే 31న నిజాంపేట ఇల్లు ఖాళీ చేశాం. మేమిచ్చిన అడ్వాన్సు 54,000. ఓనరుగారు తిరిగిస్తానన్నది 8,349! ఓ చిత్తుకాగితం మీద లెక్క రాసి వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. రంగులకు నెల అద్దె 19,845, 2023 అక్టోబరు అద్దె ముట్టలేదని 18,900, కరెంటు 1,140, పెంచిన అద్దెలో బకాయి 5,766.

నాకు మంట పుట్టింది గానీ, మీ చెల్లెమ్మ "ముందు అగ్రిమెంటు తియ్యండి" అంది.

ఆ బకాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలడానికి రాత్రి పదకొండైంది. మేం దిగింది 2022 జూన్ 1న, 18,000కి. కాగితం 11 నెలలదే. ఇక్కడ చాలామంది అలాగే రాసుకుంటారు. ఆయన కాగితం ముగిసినప్పుడల్లా, అంటే 11 నెలలకోసారి 5 శాతం పెంచి చూసుకున్నాడు. అలా చూస్తే పెంపు ప్రతిసారీ ఒక నెల ముందుకు జరుగుతుంది. మొదటిసారి ఒక నెల తేడా 900, రెండోసారి రెండు నెలలది 1,890, మూడోసారి మూడు నెలలది 2,976. కూడితే సరిగ్గా 5,766. కానీ మా అగ్రిమెంటులో పెంపు "ప్రతి 12 నెలలు నిండాక" అని ఉంది. కాగితం గడువు వేరు, పెంపు గడువు వేరు. నేను జూన్‌కి జూన్ పెంచి కట్టాను.

అక్టోబరు అద్దె మీ చెల్లెమ్మ ఖాతా నుంచి వెళ్లింది. ఆయన నా పేరు మీదే వెతుక్కున్నాడు, పాపం. ఆమె స్టేట్‌మెంటులో తేదీ, యూటీఆర్ నంబరు రెండూ దొరికాయి. రంగుల సంగతికొస్తే, అగ్రిమెంటులో "అయిన ఖర్చు" అని ఉంది, నెల అద్దె అని లేదు. పెయింటర్ బిల్లు అడిగితే 12,500 తేలింది. కరెంటు బిల్లు మాత్రం మాదే.

అయితే అన్నీ వరసగా చూస్తుంటే నా తప్పూ ఒకటి దొరికింది. 2024 జూన్‌లో అద్దె 19,845 కావాలి, నేను పాత 18,900 పంపాను. నెలనెలా దానంతటదే వెళ్లేలా బ్యాంకులో పెట్టి, మార్చడం మర్చిపోయాను. 945 తక్కువ. ఆయన చూసుకోలేదు. ఓ పూట ఊగిసలాడి, చివరికి నేనే రాశాను.

రంగులు, కరెంటు, ఆ 945 కలిపి 14,585 పోగా నాకు రావలసింది 39,415. స్టేట్‌మెంటు పేజీలు, అగ్రిమెంటులో ఆ రెండు లైన్లకు గీత గీసి పంపాను. 11 నెలల దగ్గర రెండ్రోజులు బిగదీశాడు. 945 చూశాక ఫోన్ చేసి, "అది నాకూ తెలీదయ్యా" అని నవ్వి, సాయంత్రానికి మొత్తం వేశాడు.

నువ్వూ వచ్చే నెల ఖాళీ చేస్తున్నావుగా. నీ అగ్రిమెంటులో "రెన్యువల్ అయినప్పుడల్లా" అని ఉంటే మాత్రం మీ ఓనరు లెక్కే చెల్లుతుంది. ఆ పేజీ ఫొటో తీసి పంపు, ఆదివారం చూద్దాం.

నీ
రాంబాబు