అమ్మకు చేరిన నీరు, నేను చూసిన స్లైడు

కర్నూలు,
ఆదివారం పొద్దున

ఒరేయ్ రమణా,

అమ్మకు ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటి గురించి నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినవాటికి సగమే జవాబు చెప్పాను, ల్యాబులో నిలబడి మాట్లాడాల్సి వచ్చింది. అందుకే ఈ ఉత్తరం. పొడవుగా ఉంటుంది, కాఫీ పెట్టుకుని చదువు.

ముందు నువ్వు కోపంగా అడిగిన మాట. "మొదటి రిపోర్టులో క్యాన్సర్ కణాలు లేవని రాసి, ఇప్పుడు ఉన్నాయంటే ఎవరిని నమ్మాలిరా?" అన్నావు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదురా. మొదటిసారి అక్కడ ల్యాబుకు పంపింది చిన్న సిరంజిలో 10 మిల్లీలీటర్లు. అదీ సాయంత్రం తీసి, రాత్రంతా టేబుల్ మీదే పెట్టి, పొద్దున పంపారని నువ్వే చెప్పావు. ఈ నీటిలో ప్రోటీన్ ఎక్కువ, కాసేపటికి పెరుగు తోడుకున్నట్టు గడ్డకడుతుంది. కణాలు ఆ గడ్డలో ఇరుక్కుపోతాయి, మిగిలినవి చెడిపోతాయి. దొరికిన రెండు చుక్కల్లో ఏమీ కనబడలేదని రాశారు, అంతే. 'కనబడలేదు' అనేదాన్ని మనం 'లేదు' అని చదువుకున్నాం.

నిజానికి అన్నీ సరిగ్గా చేసినా, క్యాన్సర్ వల్ల చేరిన నీటిలో మొదటి పరీక్షకే కణాలు దొరికేది సుమారు 100లో 60 మందికి. రెండోసారి తీస్తే ఇంకొందరికి దొరుకుతాయి. మూడో నాలుగో సారికి పెద్దగా లాభం ఉండదు, అప్పుడు ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర నుంచే ముక్క తీయాలి. అందుకే నాలుగేళ్ల కింద రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన మనిషికి కుడివైపు నీరు చేరితే, ఒక్క నెగెటివ్ రిపోర్టు చూసి టీబీ మందులు మొదలుపెడదామన్నవాళ్ల మీద నాకు చిరాకు వచ్చింది. మన దగ్గర టీబీ నీరు చాలామందికి వస్తుంది, కాదనను. కానీ రెండు నీళ్లలోనూ లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలే ఎక్కువ కనబడొచ్చు, అదొక్కటే చూసి టీబీ అనేయకూడదు.

ఈసారి నేను అడిగినట్టు 60 మిల్లీలీటర్లు, గడ్డకట్టకుండా హెపారిన్ మందు వేసిన డబ్బాలో, తీసిన రెండు గంటల్లో వచ్చింది. టీ డికాక్షన్‌లో ఎర్రరంగు కలిసినట్టుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున తెల్లటి మట్టిలా కణాలు దిగాయి. కొంత స్లైడ్ల మీద పూసి రంగు వేశాం, మిగిలినదాన్ని సెల్ బ్లాక్ చేశాం. అంటే ఆ మట్టినే ఫార్మలిన్‌లో గట్టిపరిచి, మైనంలో పెట్టి, ముక్క తీసిన గడ్డను కోసినట్టే పలుచగా కోయడం. స్లైడ్ మీద అంచు నున్నగా ఉన్న గుండ్రటి ముద్దలు కనబడ్డాయి, ఒక్కో ముద్దలో పదుల కొద్దీ కణాలు. పొర నుంచి మామూలుగా రాలే మీసోథీలియల్ కణాలు కూడా నీరు నిలవుంటే ఉబ్బి, మమ్మల్ని మోసం చేస్తాయి. అందుకే సెల్ బ్లాక్ మీద ప్రత్యేక రంగులు వేశాం. రొమ్ము కణాల్లో కనబడే గాటా-3 పాజిటివ్, మీసోథీలియల్ కణాలకుండే కాల్‌రెటినిన్ నెగెటివ్. అంటే ఇవి రొమ్ము నుంచి వచ్చిన క్యాన్సర్ కణాలే. ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ పాజిటివ్. ఆ చివరి మాటే నీకు పనికొచ్చేది. దాన్నిబట్టే అంకాలజీ డాక్టర్ హార్మోన్ మందుల సంగతి ఆలోచిస్తాడు. పాత గడ్డలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటుందని లేదు, మారుతుంది, అందుకే మళ్లీ చూడాలి.

ఇక నీరు ఎందుకు చేరుతుందంటే, ఊపిరితిత్తి చుట్టూ రెండు పొరలుంటాయి. మధ్యలో మామూలుగా కొన్ని చెంచాల నీరే, రాపిడి లేకుండా. అది రోజూ ఊరుతుంది, పక్కటెముకల వైపు పొరలో ఉండే సన్నటి లింఫు రంధ్రాల గుండా రోజూ పోతుంది. మన కేసీ కెనాల్ తూముకు గుర్రపుడెక్క అడ్డం పడితే పైన చేలన్నీ ఎలా మునుగుతాయో చూశావుగా, అదే కథ. క్యాన్సర్ కణాలు ఆ రంధ్రాల్లోనూ, ఛాతీ మధ్య గ్రంథుల్లోనూ అడ్డం కూర్చుంటాయి. పైగా అవి వదిలే రసాయనాల వల్ల రక్తనాళాలు జల్లెడలా కారతాయి. ఊరేది పెరిగి, పోయేది తగ్గుతుంది.

అందుకే ఇంట్లో అమ్మకు నీళ్లు తాగనివ్వడం లేదన్నావు చూడు, అది వెంటనే ఆపించు. తాగిన నీళ్లు కాదురా అక్కడ చేరేది. ఈ ఎండల్లో కడపలో మనిషిని దాహంతో పెట్టడం పాపం. అలాగే మీ మామ అన్న "ఒకసారి తీస్తే అలవాటవుతుంది" కూడా నిజం కాదు. తీసినందుకు రాదు, కారణం అలాగే ఉన్నందుకు వస్తుంది.

మొన్న ఒకటిన్నర లీటరు దగ్గర ఆపేశారు, ఇంకా ఉందిగా అన్నావు. కావాలనే ఆపుతారు. వారాలుగా నలిగిన ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దానిలోకే నీరు చేరే ప్రమాదముంది. అమ్మకు దగ్గు, ఛాతీ పట్టేసినట్టు వచ్చింది కదా, అదే ఆపమనే గుర్తు. తీసిన తర్వాత ఎక్స్‌రే ఎందుకంటే గాలి చేరిందా, ఊపిరితిత్తి విచ్చుకుందా అని చూడటానికి. విచ్చుకుంటే, మళ్లీ మళ్లీ నీరు వస్తుంటే టాల్క్ పొడి వేసి రెండు పొరలూ అంటుకునేలా చేయొచ్చు. విచ్చుకోకపోతే పొరలు ఒకదానికొకటి తగలవు, టాల్క్ వృథా. అప్పుడు సన్నటి గొట్టం లోపలే ఉంచి ఇంట్లోనే రోజు మార్చి రోజు తీసుకునే పద్ధతి ఉంది. ఏది చేసినా ఆయాసం తగ్గించడానికే, జబ్బు తగ్గడానికి కాదు. ఆ సంగతి నీకు తెలిసే ఉండాలి.

పొట్ట సంగతి కూడా అడిగావు. పేగుల మీది పొర నిండా కణాలు పాకితే లింఫు దారులు మూసుకుని ఇలాగే నీరు చేరుతుంది. లివర్‌లో గడ్డలు ఎక్కువై అక్కడి రక్తనాళం మీద ఒత్తిడి పెరిగితే ఇంకోరకంగా చేరుతుంది. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ లెక్కలోంచి నీటిలోని ఆల్బుమిన్ లెక్క తీసేస్తే డెసిలీటరుకు 1.1 గ్రాములు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే లివర్ ఒత్తిడి రకం. మూత్రం బిళ్లలు కాస్తయినా పనిచేసేది సాధారణంగా ఆ రకానికే. పొర రకానికి సూదితో తీయడమే దారి. పొట్ట నుంచి ఒకేసారి నాలుగైదు లీటర్లు కూడా తీస్తారు, బీపీ చూసుకుంటూ. అమ్మకు స్కాన్‌లో ప్రస్తుతం పొట్టలో నీరు లేదు. నడుము దగ్గర చీర కుచ్చిళ్లు బిగుతవుతున్నాయంటే, నాలుగు ముద్దలకే కడుపు నిండిందంటే అప్పుడు చెప్పు.

పాత ఆపరేషన్ మైనం బ్లాకు ఆ ఆసుపత్రి ల్యాబులో ఉంటుంది, రసీదు మీద నంబరు చూపించి అడుగు, పక్కపక్కన పెట్టి చూడాలి. మంగళవారం లోపు తెస్తే బాగుంటుంది. బస్టాండుకు నేనే వస్తాను.

నీ,
శీను