బీరువాల లెక్క రాశారు, ఫైళ్ల లెక్క ఏది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా దగ్గరి ప్రభుత్వ కార్యాలయం కొత్త భవనంలోకి మారిందని, సామగ్రి తరలింపు సజావుగా పూర్తయిందని మీ జిల్లా పేజీలో వార్త వచ్చి వారం దాటింది. అసలు పరిస్థితి ఎవరైనా రాస్తారేమోనని ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. సజావుగా పూర్తయితే నకళ్ల కోసం ఊళ్ల నుంచి వచ్చే జనానికి "షిఫ్టింగ్‌లో ఉంది, తర్వాత రండి" అనే జవాబు ఇంకా ఎందుకు దొరుకుతోంది?

నేను రికార్డు రూములో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన ఉద్యోగిని. మా భూమికి సంబంధించిన పాత మ్యుటేషన్ ఉత్తర్వు నకలు కావాల్సి వచ్చి అక్కడికి వెళ్లాను. ఫైలు దొరకలేదు. తరలింపు జాబితా చూపించమని అడిగితే చూపించారు. కుర్చీలు ఎన్ని, టేబుళ్లు ఎన్ని, కంప్యూటర్లు ఎన్ని, ఏ సెక్షన్‌వి ఏ గదికి వెళ్లాయి, అన్నీ చక్కగా రాసి ఉన్నాయి. ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి "రికార్డు, ఆరు బీరువాలు" అని ఒక్క వరుస రాసి వదిలేశారు. విరిగిన కుర్చీకి డెడ్ స్టాక్ రిజిస్టర్ నంబరు వేసి దింపుకున్నవాళ్లు, ఒక కుటుంబం ఆస్తి మొత్తం ఆధారపడిన ఫైలుకు నంబరు రాయలేదు!

బీరువాను లెక్కపెడితే ఫైళ్లను లెక్కపెట్టినట్టు కాదు. నిండా కాగితాలున్న ఇనుప బీరువాను మెట్ల మీదుగా ఎవరూ దింపలేరు. హమాలీలు ముందు కట్టలన్నీ బయటికి తీస్తారు, ఖాళీ బీరువాను ఒక ట్రిప్పులో, కట్టలను గోనె సంచుల్లో వేసి ఇంకో ట్రిప్పులో పంపుతారు. బీరువా మీద స్టిక్కర్ ఉంటుంది, సంచి మీద ఏమీ ఉండదు. బీరువా సి సెక్షన్‌కు చేరుతుంది, దానిలోని కట్టలు ఇంకో సెక్షన్ వరండాలో పడి ఉంటాయి. జాబితాలో మాత్రం ఆరుకు ఆరు సరిపోతాయి. ఇక్కడ జరిగింది సరిగ్గా ఇదే.

అందుకే నంబరు కట్టకు వేయాలి. నాలుగో బీరువాలో ముప్పై ఎనిమిది కట్టలుంటే 4/1 నుంచి 4/38 దాకా అట్టముక్క మీద రాసి గుడ్డ మూటకు కట్టాలి. ఆ ముక్క మీదనే సెక్షన్ పేరు, కొత్త భవనంలో గది నంబరు ఉండాలి. జాబితా మూడు ప్రతులు తీయాలి: పంపేవాళ్ల దగ్గర ఒకటి, బండితోపాటు ఒకటి, దింపుకునేవాళ్ల దగ్గర ఒకటి. ఎక్కించేటప్పుడు ఒక సంతకం, దింపేటప్పుడు ఇంకో సంతకం పడాలి. ముప్పై ఎనిమిది ఎక్కి ముప్పై ఏడు దిగితే ఆ తేడా అదే రోజు సాయంత్రం తెలుస్తుంది. బండి, హమాలీలు, దారి అందరికీ గుర్తుంటాయి కాబట్టి పోయిన కట్ట దొరుకుతుంది. నెల తర్వాత వెతికితే ఎవరిని అడగాలి?

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. తరలింపులో ఎక్కువగా పోయేవి బీరువాలో ఉన్న ఫైళ్లు కావు, ఆ రోజు బీరువాలో లేని ఫైళ్లు. కొన్ని అధికారి టేబుల్ మీద సంతకానికి ఉంటాయి, కొన్ని కోర్టు కేసు కోసం ప్రభుత్వ ప్లీడర్ దగ్గర ఉంటాయి, కొన్ని ఆడిట్ వాళ్లు తీసుకెళ్తారు. అవి తిరిగి వచ్చేసరికి వాటి స్థానం ఉండదు. కనీసం పది రోజుల ముందే ప్రతి అసిస్టెంటు తన దగ్గరికి వచ్చిన ఫైళ్ల నంబర్లు రాసుకునే పర్సనల్ రిజిస్టర్ ముందు పెట్టుకుని, పెండింగ్‌లో ఉన్న ప్రతి నంబరుకూ ఫైలు చేతిలో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఎవరి దగ్గర ఉందో, ఏ తేదీన వెళ్లిందో చీటీ రాసి దాని స్థానంలో పెట్టాలి. ముగిసిపోయిన ఫైళ్లను డిస్పోజల్ రిజిస్టర్‌తో సరిచూడాలి. ఆర్.డిస్. ఫైళ్లు శాశ్వతంగా ఉంచాల్సినవి. వాటిని ముందు, విడిగా, ఒక బాధ్యుడు వెంట ఉండి తీసుకెళ్లాలి. ఇక్కడ వాటినీ, పాత సర్క్యులర్ల కట్టలనూ ఒకే సంచిలో కుక్కారు.

కంప్యూటర్ల విషయంలో కొంత జాగ్రత్తపడ్డారు, అది ఒప్పుకోవాలి. సీపీయూ, మానిటర్, యూపీఎస్‌లకు ఒకే నంబరు వేశారు. కానీ బ్యాకప్ తీసిన హార్డ్ డిస్కును కూడా కంప్యూటర్లున్న బండిలోనే పంపారట. బండికి ఏదైనా జరిగితే రెండూ పోతాయి కదా. కాపీ వేరే బండిలో వెళ్లాలి. డిజిటల్ సంతకం డాంగిల్ ఎవరిదో వారే చేత పట్టుకెళ్లాలి. ఈ-ఆఫీస్ వచ్చాక కాగితాలతో పనేమిటని ఒక ఉద్యోగి నాతో అన్నాడు. స్కాన్ చేయని పాత పహాణీ ఏ కంప్యూటర్‌లో దొరుకుతుంది?

గదుల కేటాయింపు ఇంకా బాధ కలిగించింది. జనం రోజూ వచ్చే సెక్షన్‌ను రెండో అంతస్తులో పెట్టారు, రికార్డును కింద, బాత్రూం గోడకు ఆనించి పెట్టారు. బరువు వల్ల రికార్డు కింద ఉండటమే మంచిదన్నది నిజమే. కానీ 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీలు ఎట్లా మునిగాయో మనం చూశాం. కింద పెడితే బీరువాలో అన్నిటికన్నా కింది అరను ఖాళీగా వదలాలి, నీటి పైపులున్న గోడకు దూరంగా జరపాలి. దీనికి ఖర్చు కూడా ఉండదు.

ఇది ఒక్క ఆఫీసు కథ కాదు. 2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు ఫైళ్లనూ పంచారు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ జిల్లా పేరు వరంగల్ అయింది. పాత కాగితం కావాలంటే ఏ ఊళ్లో అడగాలో చెప్పేవాళ్లు లేక ముసలివాళ్లు బస్సులెక్కి తిరిగారు. అప్పుడైనా నేర్చుకోవాల్సింది. సమాచార హక్కు చట్టం 2005లోనే, నాలుగో సెక్షన్‌లో, రికార్డుకు జాబితా, సూచిక ఉండాలని చెప్పింది. అది ముందే చేసి ఉంటే తరలింపు జాబితా తయారుచేయడం రెండు రోజుల పని. భవనం ప్రారంభోత్సవానికి ముహూర్తం ముందే పెట్టుకునే అధికారులు దీనికి వారం రోజులు కేటాయించలేకపోయారంటే నాకు చాలా కోపంగా ఉంది.

పాత భవనం తాళాలు ఇంకా అప్పగించలేదని విన్నాను. కొత్త ఫర్నిచర్ వచ్చిందని పాతవి కొన్ని అక్కడే వదిలేశారు. తాళం చెవి దొరకని బీరువాలు కూడా వాటిలో ఉన్నాయి. వాటిని తెరవకుండా వేలానికి పంపొద్దు. ప్రతి గదిలో ప్రతి సొరుగు లాగి చూసి, ఏమీ మిగల్లేదని ఆ సెక్షన్ సూపరింటెండెంట్ సంతకం చేసిన తర్వాతే తాళాలు ఇవ్వాలి. కొత్త భవనంలో వరండాలోని సంచులు విప్పి, పర్సనల్ రిజిస్టర్లతో సరిచూసి, దొరకని ఫైళ్ల నంబర్లను నోటీసు బోర్డు మీద పెట్టాలి. తన ఫైలు పోయిందో ఉందో తెలిస్తే, దరఖాస్తుదారు తన దగ్గరున్న నకళ్లైనా తెచ్చి ఇవ్వగలడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
హనుమకొండ